రైతుబంధును ఆపిన కోడ్: చట్టం కాని నియమావళికి అంత బలం ఎక్కడిది?

2023 నవంబర్ 24న, తెలంగాణ పోలింగ్‌కు ఇంకా ఆరు రోజులు ఉందనగా, యాసంగి రైతుబంధు డబ్బు రైతుల ఖాతాల్లో వేసుకోవచ్చని ఎన్నికల సంఘం రాష్ట్ర ప్రభుత్వానికి అనుమతి ఇచ్చింది. మూడు రోజులు తిరిగేసరికి, 27న, అదే సంఘం ఆ అనుమతిని రద్దు చేసింది. ఈ మధ్యలో పథకం మారలేదు, లబ్ధిదారుల జాబితా మారలేదు, ఎకరాకు ఇచ్చే రూ.5,000 కూడా మారలేదు. ఒక మంత్రి ప్రచార సభలో ఆ డబ్బు గురించి మాట్లాడారు, అంతే.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ జనం అడిగే ప్రశ్నలన్నీ ఈ ఒక్క ఉదంతంలో ఉన్నాయి. కోడ్ అంటే చట్టమా? చట్టం కాకపోతే వేల కోట్ల చెల్లింపును ఎలా ఆపగలిగింది? ఆపే అధికారం ఉన్నవాళ్లను ఎవరు నియమిస్తారు? వాళ్లు అందరి విషయంలో ఒకేలా ఉంటున్నారా? ఈ ప్రశ్నలను వరసగా చూద్దాం. రైతుబంధు ఫైలును మాత్రం కాస్త నిదానంగా చదువుదాం.

ఎన్నికల సంఘం ఒకటా, రెండా?

రెండు. చాలామంది పొరబడేది ఇక్కడే. లోక్‌సభ, రాజ్యసభ, అసెంబ్లీ, శాసనమండలి, రాష్ట్రపతి, ఉప రాష్ట్రపతి ఎన్నికలు భారత ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. రాజ్యాంగంలోని 324వ అధికరణ కింద 1950 జనవరి 25న ఏర్పడిన సంస్థ ఇది. సర్పంచ్, ఎంపీటీసీ, మున్సిపాలిటీ ఎన్నికలు దీని పరిధిలోకి రావు. వాటికి ప్రతి రాష్ట్రంలో వేరే రాష్ట్ర ఎన్నికల సంఘం ఉంటుంది. 73, 74వ రాజ్యాంగ సవరణలతో వచ్చిన ఈ సంఘం కమిషనర్‌ను గవర్నర్ నియమిస్తారు. ఢిల్లీ సంఘానికి రాష్ట్రంలో ప్రతినిధిగా ఉండే ప్రధాన ఎన్నికల అధికారి, అంటే సీఈవో, మళ్లీ వేరే మనిషి.

2020లో ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద గొడవైంది ఈ రెండో రకం సంఘం దగ్గరే. కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను వాయిదా వేస్తున్నట్టు రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ మార్చి 15న ప్రకటించారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. దాంతో ఆయన పదవి పోయింది, ఒక రిటైర్డ్ జడ్జిని ఆ స్థానంలో కూర్చోబెట్టారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. ఆయన మళ్లీ పదవిలోకి వచ్చారు, 2021లో పంచాయతీ ఎన్నికలు ఆయన ఆధ్వర్యంలోనే జరిగాయి. హైకోర్టు జడ్జిని తొలగించే పద్ధతిలో తప్ప రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను తీసేయకూడదని, నియామకం తర్వాత సర్వీసు నిబంధనలను ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదని రాజ్యాంగంలో 243కె అధికరణ చెబుతుంది. స్వతంత్రత అనే మాట పుస్తకంలో ఒక వాక్యమే. అది పనిచేస్తుందో లేదో ఇలాంటి రోజునే తెలుస్తుంది.

కోడ్ చట్టమా?

కాదు. ‘ఎన్నికల ప్రవర్తనా నియమావళి’ని పార్లమెంటు ఆమోదించలేదు. 1960లో కేరళ అసెంబ్లీ ఎన్నికల సమయంలో సభలు, ఊరేగింపులు, నినాదాల విషయంలో పార్టీలు ఎలా నడుచుకోవాలో ఒక ఒప్పందంలా రాసుకున్నారు. నియమావళికి మొదలు అదే. 1962 లోక్‌సభ ఎన్నికల నాటికి ఎన్నికల సంఘం దాన్ని దేశమంతటా పార్టీలకు పంపింది. 1979లో అధికార పార్టీకి ప్రత్యేకంగా ఒక భాగం చేర్చారు. నా దృష్టిలో నియమావళికి గుండెకాయ ఆ భాగమే. 1990లో ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా వచ్చిన టి.ఎన్.శేషన్ కాలంలో పార్టీలకు దానంటే భయం మొదలైంది. మేనిఫెస్టోల గురించిన చివరి భాగం, 2013లో ఉచిత హామీల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత చేరింది.

అధికార పార్టీ భాగంలో ఏముందో తెలిస్తే రైతుబంధు కథ తేలిగ్గా అర్థమవుతుంది. ఎన్నికల షెడ్యూల్ ప్రకటించిన క్షణం నుంచి మంత్రులు కొత్త ఆర్థిక సాయం ప్రకటించకూడదు. శంకుస్థాపనలు చేయకూడదు. రోడ్డు వేస్తాం, నీళ్లిస్తామని ప్రభుత్వం తరఫున మాటివ్వకూడదు. అధికారిక పర్యటనను ప్రచారంతో కలపకూడదు. ప్రభుత్వ ఖర్చుతో తమ గొప్పలు చెప్పుకునే ప్రకటనలు వేయకూడదు. ప్రభుత్వంలో ఉన్నవాడి చేతిలో ఖజానా ఉంటుంది, ఎదుటివాడి చేతిలో మైకు మాత్రమే ఉంటుంది. పోలింగ్ దాకా ఆ ఖజానా ఓటు కోసం పనిచేయకూడదన్నది ఈ భాగం ఉద్దేశం.

కోడ్ ఎప్పటినుంచి మొదలవుతుందన్న దానిపై కూడా కేంద్రానికి, సంఘానికి పంచాయితీ నడిచింది. నోటిఫికేషన్ రోజు నుంచి అని కేంద్రం, షెడ్యూల్ ప్రకటించిన రోజు నుంచే అని సంఘం వాదించాయి. 1997లో పంజాబ్, హర్యానా హైకోర్టు సంఘం మాటే సరైనదంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లాక 2001లో రాజీ కుదిరింది. షెడ్యూల్ ప్రకటన నుంచే కోడ్ వర్తిస్తుంది, అయితే మామూలుగా నోటిఫికేషన్‌కు మూడు వారాలకు మించి ముందుగా షెడ్యూల్ ప్రకటించరు. కోడ్ కూశాక రెండు నెలలకు పైగా పనులన్నీ ఆగిపోతున్నాయని జనం విసుక్కునేది చాలాసార్లు విడతల పోలింగ్ వల్ల. 2024లో తెలుగు రాష్ట్రాల పోలింగ్ మే 13నే ముగిసినా, దేశమంతటా ఏడు విడతలు పూర్తయి జూన్ 4న ఫలితాలు వచ్చేదాకా కోడ్ ఎత్తేయలేదు. అది మొదలైంది మార్చి 16న.

చట్టం కానప్పుడు అధికారం ఎక్కడిది?

324వ అధికరణ నుంచి. ఎన్నికల ‘పర్యవేక్షణ, దిశానిర్దేశం, నియంత్రణ’ సంఘానివని అది చెబుతుంది. ఆ మూడు మాటల్లో ఎంత బరువుందో కోర్టులు రెండు కేసుల్లో తూచి చెప్పాయి.

1977లో పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ లోక్‌సభ స్థానంలో ఓట్ల లెక్కింపు చివర్లో హింస జరిగింది, బ్యాలెట్ పత్రాలు ధ్వంసమయ్యాయి. సంఘం నియోజకవర్గం మొత్తానికీ మళ్లీ పోలింగ్ పెట్టింది. చట్టంలో ఆ పరిస్థితికి నేరుగా సరిపోయే నిబంధన లేదు. మొహీందర్ సింగ్ గిల్ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో సుప్రీంకోర్టు, చట్టం మౌనంగా ఉన్న చోట ఎన్నిక సక్రమంగా జరగడానికి అవసరమైనది చేసే అధికారం సంఘానికి ఉందని తేల్చింది.

రెండో కేసు దీనికి హద్దు గీసింది. 1982లో కేరళలోని పరవూర్ అసెంబ్లీ స్థానంలో 50 పోలింగ్ కేంద్రాల్లో ఈవీఎంలు వాడారు. అప్పటి చట్టంలో ఉన్నది బ్యాలెట్ పత్రమే. 1984లో సుప్రీంకోర్టు ఆ 50 చోట్ల పోలింగ్ చెల్లదని, బ్యాలెట్‌తో మళ్లీ పెట్టాలని చెప్పింది. చట్టం ఒక పద్ధతి చెప్పాక సంఘం దాన్ని దాటి వెళ్లకూడదు. ఆ తర్వాతే పార్లమెంటు చట్టాన్ని సవరించి ఈవీఎంలకు చోటిచ్చింది.

రెండు తీర్పులూ కలిపి చదివితే కోడ్ ఎక్కడ నిలబడిందో కనిపిస్తుంది. ప్రచార కాలంలో ప్రభుత్వ ఖజానా ఎలా ప్రవర్తించాలన్న దానిపై చట్టంలో పెద్ద ఖాళీ ఉంది. కోడ్ ఆ ఖాళీలో పనిచేస్తుంది.

కాగితం మీది ఈ అధికారానికి చేతులు కూడా కావాలి కదా. సంఘానికి సొంత సిబ్బంది చాలా తక్కువ. ఎన్నికలు నడిపే కలెక్టర్లు, రిటర్నింగ్ అధికారులు, ఎస్పీలు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు. అందుకే ప్రజాప్రాతినిధ్య చట్టంలో 28ఎ సెక్షన్ పెట్టారు. ఎన్నికల పనిలో ఉన్న అధికారులు, పోలీసులు ఆ కాలానికి సంఘానికి డిప్యుటేషన్ మీద ఉన్నట్టే లెక్క, క్రమశిక్షణ కూడా సంఘానిదే. 2023 అక్టోబర్‌లో తెలంగాణలో కొందరు కలెక్టర్లు, ఎస్పీలు, పోలీస్ కమిషనర్లు ఒక్క ఆదేశంతో మారిపోయింది, 2024 మేలో పోలింగ్‌కు వారం ముందు ఆంధ్రప్రదేశ్ డీజీపీ బదిలీ అయింది ఈ బలంతోనే. మంత్రి అడిగాడని సంతకం పెడితే రేపు తన ఉద్యోగం ఏమవుతుందో అధికారికి తెలుసు. కోడ్ అమలయ్యేది చాలావరకు ఆ భయం మీదే.

రైతుబంధు ఫైలు ఎలా నడిచింది?

అప్పటికే నడుస్తున్న పథకాన్ని కోడ్ దానంతట అదే ఆపదు. లబ్ధిదారులు ముందే ఖరారై, డబ్బు ముందే మంజూరై ఉంటే చెల్లింపు సాగవచ్చు. సందేహం ఉంటే, లేదా పోలింగ్ దగ్గర పడితే, ప్రభుత్వం సంఘాన్ని అడగాలి. శాఖ తయారుచేసిన ప్రతిపాదన ముందు ప్రధాన కార్యదర్శి నాయకత్వంలోని స్క్రీనింగ్ కమిటీకి వెళ్తుంది. కమిటీ ఒప్పుకుంటే సీఈవో ద్వారా ఢిల్లీకి వెళ్తుంది. ఎన్నికలయ్యే దాకా ఎందుకు ఆగకూడదో అందులో చెప్పాలి.

రైతుబంధు 2018 మేలో మొదలైంది. అదే ఏడాది చివర్లో అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి, రెండో విడత డబ్బు ఇవ్వాల్సిన సమయమూ అదే. అప్పుడు సంఘం అనుమతిస్తూ షరతులు పెట్టింది: కొత్త లబ్ధిదారులను చేర్చకూడదు, ఊళ్లలో చెక్కుల పంపిణీ పెట్టకుండా నేరుగా బ్యాంకులో వేయాలి, ప్రచారం చేసుకోకూడదు. చెక్కుల మీద షరతు ఎందుకంటే, చెక్కు పంచాలంటే ఒక వేదిక, ఒక నాయకుడు, ఒక ఫొటో ఉంటాయి. ఖాతాలో పడే డబ్బుకు అవేవీ ఉండవు.

2023లో సీన్ అదే. అక్టోబర్ 9న షెడ్యూల్ వచ్చింది, పోలింగ్ నవంబర్ 30న. మూడెకరాలున్న రైతును ఊహించుకుందాం. ఆ యాసంగికి ఆయనకు రావాల్సింది రూ.15,000. దుక్కి, విత్తనం, ఎరువు ఖర్చు ఎన్నికల తేదీని చూసి ఆగదు. నవంబర్ 24న సంఘం పాత తరహా షరతులతోనే సరే అంది.

ఆ వారాంతంలో అప్పటి ఆర్థిక మంత్రి టి.హరీశ్ రావు ఒక ప్రచార సభలో, రైతులు పొద్దున టీ, టిఫిన్ ముగించేలోపే డబ్బు ఖాతాలో పడుతుందన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆయన మంత్రి, తమ పార్టీ స్టార్ క్యాంపెయినర్, పైగా సిద్దిపేటలో స్వయంగా అభ్యర్థి. ఫిర్యాదు వెళ్లింది. ఆ మాటలు కోడ్‌ను, అనుమతిలోని షరతును రెండింటినీ ఉల్లంఘించాయని, పోటీలో అందరికీ సమాన అవకాశం ఉండాలన్న సూత్రాన్ని దెబ్బతీశాయని సంఘం అంది. కోడ్ ముగిసేదాకా ఆ పథకం కింద చెల్లింపులు వద్దని 27న ఆదేశించింది.

ఇప్పుడు అదే రైతును 2024 మేలో చూడండి. ప్రభుత్వం మారింది, పథకం రైతు భరోసా పేరుతో నడుస్తోంది, ఆ యాసంగిదే మిగిలిన చెల్లింపు ఇంకా సాగుతోంది. లోక్‌సభ పోలింగ్ మే 13న. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రచార సభల్లో మే 9లోపు అందరికీ డబ్బు వేస్తామన్నారు. ఫిర్యాదు వెళ్లింది. మే 7న సంఘం, ముఖ్యమంత్రి మాటలు కోడ్ ఉల్లంఘనేనంటూ మిగతా చెల్లింపులు పోలింగ్ తర్వాతే చేయాలంది.

ఈ రెండు ఆదేశాలను పక్కపక్కన పెట్టి చూస్తే సంఘం కొలబద్ద ఏమిటో తెలుస్తుంది. పార్టీ ఏదన్నది ఇక్కడ అడ్డు రాలేదు. రైతుకు హక్కుగా వచ్చే డబ్బును ‘మేం వేస్తున్నాం’ అని ఓటు అడిగే వేదిక మీద చెబితే అది చెల్లింపుగా మిగలదు, ప్రచారంలో భాగమైపోతుంది. అందుకే అదే డబ్బు 24న సరైనదైంది, 27న కాకుండా పోయింది.

మాట జారింది మంత్రి, నష్టపోయింది రైతు కదా?

ఈ అభ్యంతరంలో నిజం ఉంది, తేలిగ్గా తోసేయకూడదు. షరతు తప్పింది వేదిక మీది మనిషి. ఆగింది మాత్రం పొలంలో ఉన్న మనిషి డబ్బు. మంత్రి ప్రచారాన్ని రెండు రోజులు ఆపి, చెల్లింపును సాగనిస్తే సరిపోయేది కదా అని అడిగేవాళ్లున్నారు. దానికి అవతలి వాదన: అలా చేస్తే ప్రతి అధికార పార్టీ ముందు అనుమతి తీసుకుంటుంది, తర్వాత ఒక నాయకుడి చేత చెప్పిస్తుంది, ఆయన శిక్ష ఆయన అనుభవిస్తాడు, ఓటు లాభం పార్టీకి మిగులుతుంది. లాభాన్నే లేకుండా చేయడం తప్ప షరతుకు విలువ తెచ్చే దారి లేదంటారు వీళ్లు. నాకు రెండో వాదన బలంగా అనిపిస్తుంది. కానీ దాని ఖర్చు రైతు మీద పడుతోందని ఒప్పుకోకుండా ఆ మాట అనడం న్యాయం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఇదే చిక్కు ఇంకా పెద్దగా కనిపించింది. పింఛన్లు ఇంటింటికీ ఇచ్చే వాలంటీర్లను ఆ పని నుంచి దూరం పెట్టాలని మార్చి చివర్లో సంఘం ఆదేశించింది. వాలంటీర్లు అధికార పార్టీకి అనుకూలంగా ప్రచారం చేస్తున్నారన్నది ఫిర్యాదు. ఏప్రిల్‌లో ముసలివాళ్లు ఎండలో సచివాలయాల దగ్గర ఇబ్బంది పడ్డారు, ఆ తప్పెవరిదన్నదే మళ్లీ ప్రచారాంశమైంది. మే నెల పింఛను చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు.

అదే మేలో మరో వివాదం కోర్టుకెక్కింది. అప్పటి ముఖ్యమంత్రి జగన్ బటన్ నొక్కి విడుదల చేసినట్టు ప్రకటించిన కొన్ని పథకాల డబ్బు ఇంకా ఖాతాల్లో పడలేదు. దాన్ని పోలింగ్ ముందు వేయడానికి సంఘం ఒప్పుకోలేదు. లబ్ధిదారులు హైకోర్టుకు వెళ్లారు. సింగిల్ జడ్జి మే 10 ఒక్కరోజుకు సంఘం ఆదేశాన్ని పక్కన పెట్టారు. సంఘం వెంటనే ప్రభుత్వానికి ప్రశ్నలు పంపింది: నెలల కిందట బటన్ నొక్కినప్పుడే ఎందుకు వేయలేదు? సరిగ్గా పోలింగ్ ముందే వేయాల్సినంత తొందరేమిటి? పోలింగ్‌లోపు డబ్బు పడలేదు. ఏ పథకం విషయంలోనైనా నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న ఆ రెండోదే. డబ్బు ఎవరికి అన్నది కాదు సమస్య, ఇన్నాళ్లూ ఆగి ఇప్పుడే ఎందుకు కదిలిందన్నదే.

కోడ్ తప్పితే జైలుకు పంపుతారా?

కోడ్ తప్పినందుకే అయితే పంపరు. కానీ కోడ్‌లోని కొన్ని అంశాలు చట్టంలోనూ ఉన్నాయి. ఓటుకు డబ్బివ్వడం, కులమతాల పేరుతో ఓటడగడం, మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం, పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో బహిరంగ సభ పెట్టడం లాంటివి ప్రజాప్రాతినిధ్య చట్టం కింద కేసుకు దారితీస్తాయి. రుజువైతే శిక్ష పడొచ్చు, ఎన్నికే రద్దు కావొచ్చు. ప్రభుత్వ కారులో ప్రచారానికి వెళ్లడం, కోడ్ కాలంలో రోడ్డు మంజూరు చేస్తానని మాటివ్వడం లాంటి వాటిలో చాలావరకు సంఘం చేతిలోనే తేలిపోతాయి: నోటీసు, మందలింపు, ప్రచారంపై కొన్ని గంటల నిషేధం.

ఈ నిషేధం అనే ఆయుధం గట్టిగా బయటికొచ్చింది 2019 ఏప్రిల్‌లో. ద్వేష ప్రసంగాలపై సంఘం ఏం చేస్తోందని సుప్రీంకోర్టు అడిగిన రోజే యోగి ఆదిత్యనాథ్‌ను 72 గంటలు, మాయావతిని 48 గంటలు ప్రచారానికి దూరం పెట్టింది. 2024లో సిరిసిల్లలో కాంగ్రెస్ నాయకుల మీద వాడిన మాటలకు కేసీఆర్‌ను మే 1 రాత్రి 8 గంటల నుంచి 48 గంటలు ఆపింది. రెండు రోజులేగా అనిపించవచ్చు. బస్సుయాత్ర మధ్యలో ఉన్న పార్టీ అధినేతకు, పోలింగ్‌కు పది పన్నెండు రోజులుందనగా, ఆ రెండు రోజులు చిన్నవి కావు.

పార్టీ గుర్తింపునే సస్పెండ్ చేసే అధికారం కూడా గుర్తుల ఉత్తర్వులోని 16ఎ పేరాలో ఉంది. అది ఎంత పెద్దదంటే, పెద్ద పార్టీల మీద వాడాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

అందరికీ ఒకటే కొలతా?

ఇక్కడే సంఘం మీద వచ్చే విమర్శ పదునుగా ఉంటుంది. 2019లో ప్రధాని నరేంద్ర మోదీ, అమిత్ షాల ప్రసంగాలపై వచ్చిన ఫిర్యాదుల్లో సంఘం తప్పేమీ లేదని తేల్చింది. ముగ్గురు కమిషనర్లలో ఒకరైన అశోక్ లవాసా కొన్నింటిలో ఒప్పుకోలేదు. తన అసమ్మతిని ఆదేశంలో చేర్చాలని ఆయన అడిగారు. ఫైల్లో ఉంటుంది గానీ ఆదేశంలో ఉండదని మిగతా ఇద్దరి మాట నెగ్గింది. 2024లో బాన్స్‌వాడాలో ప్రధాని చేసిన ప్రసంగంపై ఫిర్యాదు వస్తే నోటీసు బీజేపీ అధ్యక్షుడికి వెళ్లింది, రాహుల్ గాంధీపై ఫిర్యాదుకు కాంగ్రెస్ అధ్యక్షుడికి వెళ్లింది. స్టార్ క్యాంపెయినర్ల మాటలకు పార్టీలే ముందు జవాబుదారీ అని సంఘం వివరించింది. మరి కేసీఆర్ విషయంలో చర్య నేరుగా మాట్లాడిన మనిషి మీదే ఉంది. ఈ తేడాకు సంతృప్తికరమైన జవాబు నాకు ఆ ఆదేశాల్లో కనిపించలేదు. సంఘాన్ని సమర్థించేవాళ్లు చెప్పేది, ప్రతి ప్రసంగమూ వేరు, మాటల తీవ్రత వేరు, అధికార పార్టీ ముఖ్యమంత్రులపై కూడా చర్యలున్నాయి కదా అని. యోగి ఉదాహరణ ఆ మాటకు కొంత బలమిస్తుంది.

ముగ్గురు కమిషనర్లుంటే మెజారిటీ మాట చెల్లడం శేషన్ కాలం నాటి తగవుతో స్థిరపడింది. 1993 అక్టోబర్‌లో కేంద్రం ఎం.ఎస్.గిల్, జి.వి.జి.కృష్ణమూర్తిలను అదనపు కమిషనర్లుగా పెట్టింది. తన రెక్కలు కత్తిరించడానికే ఇది అని శేషన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1995లో ఓడిపోయారు. ప్రధాన కమిషనర్ సమానుల్లో మొదటివాడే గానీ యజమాని కాదని అప్పటినుంచి లెక్క.

వాళ్లను ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేయగలరు?

తీసేయడం కష్టం, నియమించడం తేలిక. అసలు చర్చ ఈ తేడా మీదే. ప్రధాన ఎన్నికల కమిషనర్‌ను సుప్రీంకోర్టు జడ్జిలా పార్లమెంటు ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీతో మాత్రమే తొలగించవచ్చు. మిగతా ఇద్దరికి ఆ కవచం లేదు, ప్రధాన కమిషనర్ సిఫారసు చేస్తే తొలగించవచ్చు. పదవీకాలం ఆరేళ్లు లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది.

నియామకం గురించి రాజ్యాంగ సభలోనే అనుమానం వచ్చింది. 1949 జూన్‌లో శిబ్బన్ లాల్ సక్సేనా, ఈ నియామకానికి పార్లమెంటు ఉభయ సభల సంయుక్త సమావేశంలో మూడింట రెండొంతుల మద్దతు ఉండాలన్నారు. అసమర్థుడో, ప్రభుత్వం బొటనవేలి కింద ఉండేవాడో ఆ పదవిలోకి రాకుండా ఆపే ఏర్పాటు ముసాయిదాలో లేదని అంబేడ్కర్ దాచకుండా ఒప్పుకున్నారు. చివరికి ‘పార్లమెంటు చేసే చట్టానికి లోబడి’ రాష్ట్రపతి నియమిస్తారని రాసి వదిలారు. ఆ చట్టం డెబ్బై ఏళ్లు దాటినా రాలేదు. అంటే అన్నాళ్లూ ఏ పార్టీ అధికారంలో ఉన్నా నియమించింది కేంద్ర ప్రభుత్వమే.

2022 నవంబర్‌లో ఒక ఐఏఎస్ అధికారి స్వచ్ఛంద పదవీ విరమణ చేసిన మర్నాడే ఎన్నికల కమిషనర్‌గా నియమితులయ్యారు. అప్పటికే ఈ అంశాన్ని వింటున్న సుప్రీంకోర్టు ఆ వేగాన్ని ప్రశ్నించింది. 2023 మార్చి 2న అనూప్ బరన్వాల్ కేసులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం, పార్లమెంటు చట్టం చేసేదాకా ప్రధాని, ప్రతిపక్ష నేత, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉన్న కమిటీ పేర్లు ఎంపిక చేయాలంది. అదే ఏడాది డిసెంబర్‌లో చట్టం వచ్చింది. అందులో ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ప్రధాని ఎంచుకున్న కేంద్ర మంత్రి ఉన్నారు. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వైపు కాబట్టి ప్రతిపక్ష నేత అసమ్మతి రాసిపెట్టుకోవడానికే పనికొస్తుందని విమర్శ. 2024లో అధీర్ రంజన్ చౌధురి, 2025లో రాహుల్ గాంధీ అలా రాశారు కూడా. ప్రభుత్వ వాదన ఏమంటే, కోర్టు చెప్పింది తాత్కాలిక ఏర్పాటు, చట్టం చేసే హక్కు పార్లమెంటుది, జడ్జి కూర్చుంటేనే స్వతంత్రత వస్తుందనడం సరికాదు, ఇన్నాళ్లూ అసలు ప్రతిపక్షానికి చోటే లేదు. ఆ చట్టంపై స్టే ఇవ్వడానికి 2024 మార్చిలో సుప్రీంకోర్టు నిరాకరించింది.

కోడ్‌ను చట్టం చేసేస్తే పోతుంది కదా?

2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇదే సూచించింది. చట్టమైతే ఎవరికి ఏ శిక్ష అన్నది ముందే తెలుస్తుంది, ఒకరికి నోటీసు ఒకరికి నిషేధం అన్న ఆరోపణ తగ్గుతుంది, సంఘం తనిష్టం వచ్చినట్టు చేసే వీలుండదు. ఎన్నికల సంఘం దీనికి ఒప్పుకోలేదు. షెడ్యూల్ నుంచి ఫలితాల దాకా ఉండేది వారాలు, కేసు నడిచేది ఏళ్లు అన్నది దాని జవాబు.

ఆ జవాబు ఎంత వాస్తవమో కొత్తగూడెం చూపిస్తుంది. 2018 డిసెంబర్ ఎన్నికల్లో గెలిచిన వనమా వెంకటేశ్వరరావు అఫిడవిట్‌లో వివరాలు సరిగా ఇవ్వలేదని ఓడిన జలగం వెంకటరావు ఎన్నికల పిటిషన్ వేశారు. ఇది కోడ్ వ్యవహారం కాదు, పూర్తిగా చట్టం కింది కేసు. ఇలాంటి పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతుంది. తెలంగాణ హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదని తీర్పిచ్చింది 2023 జులైలో. ఆగస్టులో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. అప్పటికి ఆ అసెంబ్లీ గడువు నాలుగైదు నెలలే మిగిలి ఉంది.

రైతుబంధు చెల్లింపు ఇలాంటి దారిలో వెళ్లి ఉంటే, 24న ఇచ్చిన అనుమతి షరతులు తప్పాయో లేదో తేలేసరికి ఆ యాసంగి కోతలూ అయిపోయేవి, కొత్త ప్రభుత్వం సగం కాలమూ అయిపోయేది.